సంక్రాంతికి వ్యూస్ పెరిగాయి, రేటు ఎందుకు పడిపోయింది?

జనవరి నెలాఖరులో టెక్కలి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, వ్యూస్ మూడింతలయ్యాయి. రేటు చూస్తే దిగిపోయింది. నా చానెల్‌ని తొక్కీసారేమో" అని వాడి టెన్షన్. వాడిది పల్లె వంటలు, పండగల యూట్యూబ్ చానెల్. దసరా వెళ్లాక మంగళవారం విజయనగరంలో జరిగే సిరిమాను చూపిస్తాడు, సంక్రాంతికి అరిసెలూ భోగి మంటలూ చూపిస్తాడు.

వాడు రేటు అంటున్నది ఆర్పీఎం, అంటే వెయ్యి వ్యూస్‌కు చేతికొచ్చే సొమ్ము. ప్రకటనకర్త కట్టే ధర ఇది కాదు. మామూలు పొడవు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో చానెల్‌కు దక్కేది 55 శాతం. పైగా ప్రకటన పడని వ్యూస్ కూడా ఆ వెయ్యిలో కలిసే ఉంటాయి.

ప్రకటన ధర వేలంలో తేలుతుంది. వీడియో తెలుగుదే అయినా, చూసే మనిషి ఎక్కడున్నాడో అక్కడి వ్యాపారులే పాడతారు. టెక్సాస్‌లో ఉన్న తెలుగు కుటుంబం అరిసెల వీడియో తెరిస్తే కారు ఇన్సూరెన్స్ వాళ్లు, ఇండియాకు డబ్బు పంపించే సర్వీసుల వాళ్లు పోటీకి దిగొచ్చు. ఒక్క కస్టమర్ దొరికినా వాళ్లకు ఏళ్ల తరబడి డాలర్లు వస్తాయి, కాబట్టి పాట పైకెళ్తుంది. అదే వీడియో కోటబొమ్మాళిలో చూస్తే సబ్బు కంపెనీయో, రీచార్జి యాపో వస్తుంది. ఒక్కో అమ్మకం మీద వాళ్లకు మిగిలేది కొద్ది రూపాయలు, పాడేదీ అంతే.

ఇప్పుడు వాడి అనుమానాన్ని లెక్కలో పెడదాం. ఇవి వాడి అసలు అంకెలు కావు, అర్థం కావడానికి నేను వేసుకున్నవి. అక్టోబరులో లక్ష వ్యూస్ వచ్చాయనుకోండి. అందులో పది వేలు అమెరికావి, వెయ్యికి 250 రూపాయలు. మిగతా 90 వేలు ఇక్కడివి, వెయ్యికి 30. అటు 2,500, ఇటు 2,700, కలిపి 5,200. ఆర్పీఎం 52.

జనవరిలో సంక్రాంతి వీడియో మన జిల్లాల్లో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మూడు లక్షల వ్యూస్. అమెరికావి మాత్రం 12 వేలే. అక్కడి రేటు 200కి, ఇక్కడి రేటు 25కి దిగాయి. 2,400కు 7,200 కలిపితే 9,600. ఆర్పీఎం 32.

ఇరవై రూపాయలు ఎటు పోయాయి? రెండు చోట్లా పాత రేట్లే ఉన్నా జనవరి ఆర్పీఎం 38.80 దగ్గరే ఆగేది. అంటే 13 రూపాయల పైచిలుకు తగ్గింది కేవలం స్థానిక ప్రేక్షకులు ఎక్కువగా వచ్చి చేరడం వల్ల. కాలం కోసుకున్నది ఏడు రూపాయల లోపే. సగటు పడిపోయింది గానీ నెల సంపాదన దాదాపు రెట్టింపయింది. ఈ సగటును చూసి బెంగపెట్టుకునే కుర్రాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు.

ఆ ఏడు రూపాయల కథ క్యాలెండర్‌ది. మన దగ్గర దసరా, దీపావళి అమ్మకాల కోసం కంపెనీలు డబ్బు గుమ్మరిస్తాయి. సిరిమాను సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. అమెరికాలో నవంబరు, డిసెంబరు గిరాకీ నెలలు. క్రిస్మస్ అయ్యాక బడ్జెట్లు ఖాళీ, వేలంలో పాడేవాళ్లు పలచబడతారు. మన పెద్ద పండగ వచ్చేది ఆ చప్పటి రోజుల్లోనే. సంక్రాంతి ముందు బట్టల షాపుల హడావిడి ఉంటుంది నిజమే, కానీ డాలర్ల లోటు అది పూడ్చలేదు.

ఇక టాపిక్. ఇంటి లోను గురించి చెప్పే వీడియోకూ, జాతర వీడియోకూ ఒకే ఊళ్లో, ఒకే రోజు వేర్వేరు ధరలు పలకొచ్చు. లోను వీడియో చూసేవాడు కొనే ఆలోచనలో ఉన్నాడని బ్యాంకుకు తెలుసు. జాతర చూసేవాడు ఏం కొంటాడో ఎవరికీ తెలియదు. అలాగని మావాడు లోన్ల గురించి మొదలుపెడితే, అరిసెల కోసం వచ్చినవాళ్లు ఆ వీడియో చూడరు. వెయ్యికి ఎంతైనా, వేలల్లో వ్యూస్ లేకపోతే ఏం లాభం?

చూసేవాడు వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్‌తో అమెరికా వ్యూస్ తెప్పిస్తామనే వాళ్లూ తగులుతారు. అలాంటివి చెల్లని ట్రాఫిక్ కిందకి వస్తాయి. దొరికితే వచ్చిన సొమ్ము కోసేస్తారు, చానెల్‌కే ఎసరు.

మావాణ్ణి యూట్యూబ్ స్టూడియోలో Advanced mode తెరిచి, Geography కింద రెండు నెలల ఆర్పీఎం పక్కపక్కన పెట్టి చూడమన్నాను. దేశాలవారీ రేట్లు కొద్దిగానే దిగి, మొత్తం సగటు బాగా పడితే కారణం ప్రేక్షకుల వాటా. ఒకే దేశంలో రేటు సగానికి పడిపోతే, అప్పుడు ఆ వీడియోలకు ప్రకటనల పరిమితి ఏమైనా పడిందా అని వెతకాలి.

గంట తర్వాత మళ్లీ ఫోన్. వాటాయే మారిందట. అరిసెల వీడియో డిసెంబరు మధ్యలో పెట్టి చూడరా, అమెరికాలో మనవాళ్లు పండక్కి ముందే సరుకులు కొనుక్కోవాలి కదా అన్నాను.

"ధనుర్మాసం నాటికి కొత్త బియ్యం వచ్చేస్తాయి మావయ్యా, తీసీవచ్చు" అన్నాడు.