ఇల్లు అమ్మిన డబ్బుకు రెండు గడువులు

ఇల్లు అమ్మగానే ఎవరైనా మొదట అడిగేది పన్ను ఎంత పడుతుందనే. పక్కనే ఎవరో ఒకరు వెంటనే చెప్పేస్తారు: ‘‘రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనుక్కోండి, కట్టుకుంటే మూడేళ్లు టైముంది, రూపాయి కూడా పడదు.’’ ఈ మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. రెండేళ్లు, మూడేళ్లు అన్నవి ఇంటికి ఇచ్చిన గడువులు. డబ్బుకు వేరే గడువు ఉంది. అది చాలా ముందే వచ్చేస్తుంది. దాని సంగతి చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రిటైరైన టీచరు ఒకరు వనస్థలిపురంలో 2005లో రూ.12 లక్షలకు కొన్న ఇంటిని 2025 సెప్టెంబరులో కోటి రూపాయలకు అమ్మారనుకోండి. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇల్లు కనుక ఇది దీర్ఘకాలిక లాభం. కోటిలోంచి 12 లక్షలు తీసేస్తే మిగిలేది రూ.88 లక్షలు. దానిమీద 12.5 శాతం అంటే రూ.11 లక్షలు. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి, కొన్న ధరను ద్రవ్యోల్బణం సూచీతో పెంచి 20 శాతం కట్టే పాత పద్ధతిని కూడా పోల్చి చూసుకోవచ్చు. ఈ లెక్కలో అది రూ.12 లక్షలు దాటుతుంది కనుక కొత్త పద్ధతే నయం. దీనిమీద సర్‌చార్జీ, సెస్సు అదనం.

ఈ పన్ను తప్పించుకునే న్యాయమైన దారిని ఆదాయపు పన్ను చట్టంలోని 54వ సెక్షన్ ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది. అమ్మడానికి ఏడాది ముందు గానీ, అమ్మిన రెండేళ్లలోపు గానీ దేశంలో మరో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలోపు కట్టుకోవాలి. చాలామంది అనుకుంటున్నట్టు కోటి రూపాయలూ కొత్త ఇంట్లో పెట్టనక్కర్లేదు. లాభం మేరకు, అంటే రూ.88 లక్షలు పెడితే చాలు. అంతకంటే తక్కువ పెడితే, పెట్టినంత వరకే మినహాయింపు వస్తుంది. మిగతా 12 లక్షలు కూతురి పెళ్లికి వాడుకున్నా ఎవరూ అడగరు.

మన టీచరుగారు బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో రూ.95 లక్షల ఫ్లాటు బుక్ చేశారు. ఒక్కో అంతస్తు స్లాబు పడినప్పుడల్లా ఒక వాయిదా. 2026 జులై నాటికి రూ.40 లక్షలు కట్టారు. మిగతా రూ.48 లక్షలు బ్యాంకులో మామూలు ఎఫ్‌డీ వేశారు. బిల్డరు అడిగినప్పుడల్లా తీసి ఇద్దామని ఆయన ఆలోచన. మూడేళ్లు టైముంది కదా, టెన్షన్ ఎందుకు?

తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. ఆ ఏడాది రిటర్ను దాఖలు గడువు, అంటే జులై 31 నాటికి ఖర్చు కాకుండా మిగిలిన సొమ్మును ‘క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్’ ఖాతాలో వేయాలి. 1988 నుంచి ఉన్న పథకం ఇది. ఇందులో సేవింగ్స్ లాంటి ‘ఎ’ ఖాతా, ఎఫ్‌డీ లాంటి ‘బి’ ఖాతా ఉంటాయి. వడ్డీ కూడా వస్తుంది. ఫారం సి ఇచ్చి డబ్బు తీసుకోవాలి, తీసిన అరవై రోజుల్లో ఇంటికే ఖర్చు పెట్టాలి. మామూలు ఎఫ్‌డీ అదే బ్యాంకులో, అదే కౌంటర్లో వేసినా లెక్కలోకి రాదు. దాంతో టీచరుగారికి రూ.40 లక్షలకే మినహాయింపు దక్కుతుంది. మిగిలిన 48 లక్షలమీద ఆరు లక్షల పన్ను పడుతుంది, సెస్సు కాకుండానే. ఆయన ఒక్క రూపాయి దాచలేదు, దుబారా చేయలేదు. ఆ తర్వాత ఫ్లాటుకు మొత్తం కట్టేసినా జులై 31న డబ్బు ఏ ఖాతాలో ఉందన్నదే అడుగుతారు. ఆలస్యంగా వేసే రిటర్ను గడువులోగా ఇంటికి ఖర్చు పెట్టేసినా సరిపోతుందని కొన్ని హైకోర్టులు చెప్పిన మాట వాస్తవమే. కానీ అరవై ఐదేళ్ల మనిషి ఆ తీర్పులు పట్టుకుని అప్పీళ్ల చుట్టూ తిరగాలా?

పన్ను శాఖకు ఈ అమ్మకం సంగతి తెలియక కాదు. రూ.30 లక్షలు, ఆపైన ఉన్న రిజిస్ట్రేషన్ల వివరాలు సబ్ రిజిస్ట్రార్ల నుంచి ఆ శాఖకు వెళ్తాయి. రూ.50 లక్షలు, ఆపైన ధర పలికితే కొన్నవాళ్లు ఒక శాతం టీడీఎస్ కోసి కడతారు. అమ్మిన మనిషి పాన్ నంబరు, ధర, తేదీ అన్నీ ఉన్న శాఖ, నోటీసు పంపగలిగినప్పుడు జూన్ నెలలో ఒక మెసేజ్ పంపలేదా? ‘మీరు ఫలానా ఇల్లు అమ్మారు, మిగిలిన డబ్బును జులై 31లోపు ఈ ఖాతాలో వేయండి’ అని తెలుగులో రెండు వాక్యాలు చాలు. ఆ పని వెంటనే మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం.

రెండో అన్యాయం ఖాతాలో సక్రమంగా వేసినవాళ్లకు కూడా ఎదురవుతోంది. బిల్డరు 2027 డిసెంబరుకు ఇస్తానన్న ఫ్లాటు పూర్తి కాలేదనుకోండి. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం ప్రకారం సహేతుకమైన కారణం చూపితే ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ ఏడాది దాకా పొడిగించుకోవచ్చు. అంటే 2028 డిసెంబరు. మన టీచరుగారి మూడేళ్లు మాత్రం 2028 సెప్టెంబరుకే అయిపోతాయి. ఆ రోజుకు ఖాతాలో మిగిలిన డబ్బును ఆ ఏడాది లాభంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. ఇల్లే పూర్తి కాలేదంటూ మొత్తం మినహాయింపును ప్రశ్నించే అధికారులూ ఉన్నారు. డబ్బు కట్టేశాక ఆలస్యం బిల్డరుదైతే కొన్నవారిని శిక్షించకూడదని ట్రిబ్యునళ్లు పలుమార్లు చెప్పాయి. అయినా ఆ న్యాయం ట్రిబ్యునల్ దాకా వెళ్లగలిగినవాళ్లకే దక్కుతోంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్లాటు చెప్పిన తేదీకి చేతికి రావడం ఎంత అరుదో కొన్నవాళ్లను అడిగితే తెలుస్తుంది. కట్టేవాడికి ఒక చట్టం ఏడాది వెసులుబాటు ఇచ్చి, అదే ఆలస్యానికి కొన్నవాడిమీద ఇంకో చట్టం పన్ను వేయడం ఏం న్యాయం? గడువు పెంచడం ప్రభుత్వానికి కొత్త కూడా కాదు. కోవిడ్ కారణంగా 2021 ఏప్రిల్ 1కీ 2022 ఫిబ్రవరి 28కీ మధ్య ముగియాల్సిన ఇలాంటి గడువులను 2023 మార్చి 31 దాకా పెంచింది. రెరాలో నమోదైన ప్రాజెక్టుకు ఎన్ని నెలలు పొడిగింపు ఇస్తే, అందులో ఫ్లాటు కొన్నవారి మూడేళ్లకూ అన్ని నెలలు కలపాలి. రెరా ఉత్తర్వే అందుకు రుజువు. వేరే విచారణ అక్కర్లేదు.

చట్టం మారేదాకా ఇల్లు అమ్మినవాళ్లు జులై చివరి వారం దాకా ఆగొద్దు. ఈ ఖాతా అన్ని బ్రాంచీల్లో తెరవరు, పల్లెల్లోని బ్రాంచీలకు ఆ అనుమతే లేదు. కౌంటర్లో ఉన్నవారికే ఈ పథకం తెలియని సందర్భాలూ ఉన్నాయి. అమ్మకం పత్రం నకలు, పాన్ కార్డు పట్టుకుని మే నెలలోనే వెళ్లి, పాస్‌బుక్కు మీద పథకం పేరు పడిందో లేదో చూసుకుని మరీ రావాలి. ఇంకోటి, కొత్త ఇల్లు చేతికొచ్చాక మూడేళ్లలోపు అమ్మితే ఇప్పుడు మిగిలిన పన్ను అప్పుడు తిరిగి మెడకు చుట్టుకుంటుంది. మంచి బేరం వచ్చిందని తొందరపడేముందు ఆ తేదీ కూడా చూసుకోవాలి.