పిన్ ఎవరికీ చెప్పని దుకాణదారు ఎందుకు మోసపోతున్నాడు?

"పిన్ ఎవరికీ చెప్పవద్దు" అని బ్యాంకులు, పోలీసులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. క్యూఆర్ కోడ్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న దుకాణదారు ఆ మాట పాటించినవాడే. పిన్ ఎవరికీ చెప్పలేదు, తన ఫోనులో తానే నొక్కాడు. ఆ హెచ్చరిక ఈ మోసాన్ని ఆపలేకపోవడానికి కారణం ఇదే.

జడ్చర్లలో ఒక హార్డ్‌వేర్ దుకాణం ఉందనుకుందాం. బేరాలు పలచబడిన మధ్యాహ్నం ఫోను వస్తుంది. అవతలి వ్యక్తి సైన్యంలో పనిచేస్తున్నానని, శిబిరానికి పైపులు, రంగు డబ్బాలు కావాలని చెబుతాడు. ధర తగ్గించమని అడగడు. బిల్లు 14,500 రూపాయలు. మొత్తం ముందే పంపిస్తానని, సాయంత్రం బండి వచ్చి సరుకు తీసుకెళుతుందని అంటాడు. మామూలుగా దుకాణం నంబరుకు పంపమంటే, "మా ఖాతాల పద్ధతి వేరు" అని ఇంట్లో వాళ్ల ఫోనుకు వాట్సాప్‌లో ఒక కోడ్ పంపి, దుకాణదారును తన ఫోనుతో దాన్ని స్కాన్ చేయమంటాడు.

మొదటి కోడ్ ఒక్క రూపాయిది. స్కాన్ చేసి పిన్ నొక్కగానే రూపాయి పోతుంది, ఆ వెంటనే రెండు రూపాయలు వచ్చి పడతాయి. "చూశారా, వచ్చాయి కదా! ఇప్పుడు అసలు మొత్తం" అంటాడు. నిజానికి ఇవి సంబంధం లేని రెండు లావాదేవీలు. రూపాయి పోయింది దుకాణదారు పిన్‌తో. రెండు రూపాయలు వచ్చింది అవతలివాడు తన ఫోనులో తన పిన్ నొక్కి పంపినందువల్ల. వాటి కోసం దుకాణదారు వేలు కూడా కదపనవసరం లేదు. అయినా ఒకదాని వెంట ఒకటి జరగడంతో, పిన్ నొక్కితేనే డబ్బు వచ్చిందన్న నమ్మకం కుదురుతుంది. రెండో కోడ్ 14,500 రూపాయలది.

దీన్ని అమాయకత్వం అని తీసిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. గల్లాపెట్టె పక్కన అతికించిన కోడ్ వల్ల ఆ దుకాణదారుకు రోజంతా డబ్బే వస్తోంది. కోడ్ అంటే రాబడి అన్నది అతని అనుభవం. ఆ కోడ్‌ను స్కాన్ చేసేది, పిన్ నొక్కేది ఎప్పుడూ కొనేవారే. మోసగాడు అతన్ని కౌంటర్‌కు ఇవతలి వైపు నిలబెట్టి, కొనేవాడి పని చేయిస్తున్నాడు.

కోడ్‌లో దాగి ఉండేది ఇలాంటి ఒక వరుస మాత్రమే:

```
upi://pay?pa=example@bank&am=14500&cu=INR&tn=Receive
```

`pa` అంటే డబ్బు చేరాల్సిన చిరునామా, `am` మొత్తం. `tn` దగ్గర కోడ్ తయారుచేసినవాడు తనకు నచ్చిన మాట రాసుకోవచ్చు. "మీకు డబ్బు వస్తుంది" అని రాసినా అది వట్టి రాతే, లావాదేవీ దిశ మారదు. మొదట ఉన్న `pay` స్కాన్ చేసినవారికి ఇచ్చే ఆదేశం.

పిన్ సంగతీ అంతే. ఖాతాలో డబ్బు ఎవరైనా చలానా నింపి జమ చేయవచ్చు, తీయాలంటే మాత్రం ఖాతాదారు సంతకం కావాలి. యూపీఐలో పిన్ ఆ సంతకం. డబ్బు పంపేవారి బ్యాంకు దాన్ని సరిచూసి వారి ఖాతాలో కోత వేస్తుంది. అందుకునేవారి బ్యాంకుకు చిరునామా తెలిస్తే చాలు. మీ ఫోను ఆఫ్‌లో ఉన్నా జమ ఆగదు. నిల్వ చూసుకోవడానికీ, ఆటోపే ఒప్పుకోవడానికీ కూడా పిన్ అడుగుతారు కానీ, డబ్బు అందుకోవడానికి అడగరు. అలాగని పిన్ అడగకపోతే భయం లేదనుకోకూడదు. యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలు పిన్ లేకుండానే వెళ్లిపోతాయి.

పిన్ నొక్కే ముందు తెరపై మొత్తం, చేరేవారి పేరు, మీ బ్యాంకు పేరు కనిపిస్తాయి. మోసగాడు మాటలు ఆపకుండా తొందరపెట్టేది వాటిని చదవనివ్వకుండా ఉండేందుకే. ఫోను పెట్టేసి ఆ తెర చదివితే 14,500 ఎవరికి పోతోందో అక్కడే తెలుస్తుంది.

డబ్బు పోయాక ప్రతి నిమిషం విలువైనదే. వెంటనే 1930కి ఫోను చేసి, లావాదేవీకి వచ్చిన 12 అంకెల నంబరు చెప్పాలి. బ్యాంకుకూ తెలియజేయాలి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే దాన్ని స్తంభింపజేయవచ్చు. గంటల్లోనే అది నాలుగైదు ఖాతాలు మారిపోతే పట్టుకోవడం కష్టం. పిన్ మీరే నొక్కారు కాబట్టి నష్టం మీదేనని బ్యాంకు వాదించే వీలు కూడా ఉంది.

అందుకే యాప్‌లు తయారుచేసేవారిని నేను కోరేది ఒకటుంది. పిన్ అడిగే తెరపైన, అంకెల గడుల కంటే పెద్ద అక్షరాల్లో, "మీ ఖాతా నుంచి 14,500 రూపాయలు పోతాయి" అని తెలుగులో కనిపించాలి. హెచ్చరిక పోస్టర్లను జడ్చర్ల బస్టాండు గోడ మీద ఎన్ని అతికించినా, దుకాణదారు వేలు ఆ గడుల మీద ఉన్న క్షణంలో ఎదురుగా ఉండేది ఆ తెర ఒక్కటే.