‘మార్పు లేదు’ మీద అడ్డగీత

మా ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలకు సి భాష చెప్పేది నేను. వారి సందేహాలకు మేమిచ్చే జవాబులన్నీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి కనిపించే ఏర్పాటును ఈ ఏడాదే ఒక సంస్థ చేత చేయించారు. దానిని పరీక్షించి ‘సంతృప్తికరం’ అని సంతకం పెట్టినవాడిని కూడా నేనే. ఆ సంగతి వీలైతే దాచేవాడిని గాని, సంతకం పెట్టిన కాగితం హెచ్‌ఓడీ గారి బల్ల మీదే ఉంది.

శుక్రవారం సాయంత్రం కాలేజీ బస్సు హారన్ కొడుతూ ఉండగా ఒక విద్యార్థి ప్రశ్న వచ్చింది. అడ్డంకి దగ్గరపడితే ఆగిపోయే బొమ్మకారుకు షరతు ఎలా రాయాలని అతని సందేహం. అడ్డంకికి ఉన్న దూరం `d`, ఆగడానికి కావలసిన దూరం `s`, మిగిలిన సమయం `t`. సంచి భుజానికి తగిలించుకునే ఈ రెండు వరుసలు రాసి పంపి, బస్సెక్కేశాను.

```
if (d<s && t>0)
    printf("Stop");
```

శనివారం ఆ విద్యార్థి వినయంగా మళ్ళీ అడిగాడు: “సార్, `d0` అనే వేరియబుల్‌ను ఎక్కడ డిక్లేర్ చేయాలి?” నేను రాసినదానిలో `d0` అనేదే లేదు. చూసి రాసుకోవడం కూడా రాని ఈ తరం ఏమైపోతుందో అని మా ఆవిడ దగ్గర ఒక పూట ఆవేదన చెంది, “జవాబును మరొకసారి శ్రద్ధగా చదువుము” అని బదులిచ్చాను. పాపం, అతను శ్రద్ధగానే చదివాడు. అతనికి కనిపించినది ఇది:

```
if (d0)
    printf("Stop");
```

సోమవారం ఉదయం 10 గంటలకు రెండో మిడ్ పరీక్ష. అరవై మంది రావలసిన గదిలో పదకొండుగురు కూర్చుని ఉన్నారు. మిగిలినవారిని హాస్టల్ నుండి పిలిపించగా, పరీక్ష రద్దయిందని మాకు హెచ్‌ఓడీ గారే తెలియజేశారు కదా సార్ అని వారంతా ఏకకంఠంతో చెప్పి, ఫోన్లు తెరిచి చూపించారు.

ఆ దృశ్యాన్ని కొంచెం తీరికగా వర్ణించక తప్పదు. నా జవాబు కిందనే హెచ్‌ఓడీ గారి జవాబు ఉంది. “పరీక్ష సోమవారమే. మార్పు లేదు” అని ఆయన రాసిన రెండు ముక్కల మీదుగానూ, తప్పు సమాధానాన్ని ఎర్ర కలంతో కొట్టేసినట్టు, ఒక అడ్డగీత తిన్నగా సాగిపోయింది. ఆ గీత అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన పేరు మీద, పేరు పక్కన ఉన్న పీహెచ్‌డీ మీద, ఆ కింద లైబ్రరీ జరిమానాల మీద, ర్యాగింగ్ నేరమన్న హెచ్చరిక మీద, పేజీ అడుగున ఉన్న కళాశాల చిరునామా మీద కూడా సాగి, మొత్తం విద్యాసంస్థనే రద్దు చేసేసింది. పిల్లలలో ఒక తార్కికుడు లేచి, “సార్, ‘మార్పు లేదు’ అన్న మాటనే కొట్టేశారంటే మార్పు ఉన్నట్టే కదా” అని వాదించాడు. లాజిక్ పాఠంలో నిషేధానికి నిషేధం ఏమవుతుందో అతనికి చెప్పినది నేనే కనుక నోరు మెదపలేకపోయాను. హెచ్‌ఓడీ గారు మాత్రం అడ్డగీత పడిన తన పీహెచ్‌డీ వంకే చాలాసేపు చూస్తూ ఉండిపోయి, “నా పేరు ఎవరండీ కొట్టేసింది?” అని చివరకు అడిగారు.

కొట్టేసినది నేనేనని తేలడానికి అరగంట పట్టింది. పేజీ మూలాన్ని తెరిచి చూస్తే నేను రాసిన రెండు వరుసలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే దారిలో ఎవరూ దొంగిలించలేదు, బ్రౌజరే దానిని మరో విధంగా చదువుకుంది. `<` గుర్తుకు తగులుకుని ఇంగ్లీషు అక్షరం వస్తే బ్రౌజర్ దృష్టిలో అది ‘కంటే చిన్నది’ కాదు, పేజీ ఎలా కనిపించాలో తనకు చెప్పే ఆదేశానికి, అంటే ట్యాగ్‌కు ఆరంభం. నా దురదృష్టం కొద్దీ వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో `s` అనే ట్యాగ్ నిజంగానే ఉంది, దాని పని మాటల మీద అడ్డగీత గీయడమే. ఆ తరువాతి `&&`ను, `t`ను ఆ ట్యాగ్‌కు చెందిన గుణాలుగా భావించి, `t` పక్కనున్న `>` దగ్గర ట్యాగ్ ముగిసిందని సంతోషించి, మిగిలిన సున్నాను తెచ్చి `d`కి అతికించింది. బ్రౌజర్‌లోని ఇన్‌స్పెక్ట్ తెరిస్తే అది ఇలా చక్కగా సర్ది పెట్టి ఉంది:

```
<s &&="" t="">
```

తెరిచిన `s`ను మూసేవాడు లేడు. నా జవాబు పెట్టె ముగిసినా, అక్షరాల రూపాన్ని మార్చే ఇటువంటి ట్యాగ్‌ను బ్రౌజర్ మరచిపోకుండా తరువాతి పెట్టెలో మళ్ళీ తెరుస్తుంది. అందుకే గీత హెచ్‌ఓడీ గారిని దాటి చిరునామా దాకా నడిచింది. `s` బదులు `k` అని రాసి ఉంటే అటువంటి ట్యాగ్ లేదు కనుక ఆ ముక్క మాయమయ్యేదే గాని గీత పడేది కాదు. `b` అని రాసి ఉంటే హెచ్‌ఓడీ గారి పేరు లావు అక్షరాలలో కనిపించి, నాకు ఇంక్రిమెంటు కూడా వచ్చి ఉండేదేమో.

మరి పరీక్షించి సంతకం పెట్టిననాడు ఇది నా కంటపడలేదా అంటే, పరీక్షించాను. మాతృభాషాభిమానంతో `<పేరు>` అని తెలుగులో రాసి చూశాను, చక్కగా కనిపించింది. ట్యాగ్ పేరు ఇంగ్లీషు అక్షరంతోనే మొదలవ్వాలి కనుక తెలుగు అక్షరాన్ని చూసి బ్రౌజర్ ఆ గుర్తును మామూలు అక్షరంగా వదిలేస్తుందని అప్పుడు నాకు తెలియదు. తరువాత `i < n` అని రాశాను, అదీ కనిపించింది, ఎందుకంటే గుర్తు తరువాత ఖాళీ వదలడం నాకు అలవాటు, ఖాళీ ఉన్నా అది ట్యాగ్ కాదు. శుక్రవారం మాత్రం బస్సు హారన్ వల్ల ఆ ఖాళీ వదలలేదు.

పేజీని తయారుచేసిన సంస్థకు ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి ఎంతో ఓపికగా, “ఇటూ అటూ స్పేస్ ఇచ్చి రాయమనండి సార్, మిగతా కాలేజీలలో ఎవరూ కంప్లయింట్ చేయలేదు” అన్నాడు. అరవై మంది సి విద్యార్థులు వీరి పేజీ కోసం స్పేస్‌లు నేర్చుకోవాలట. కాదంటే కోడ్‌ను `pre` ట్యాగ్‌లో పెట్టమన్నాడు. అది అప్పటికే `pre`లోనే ఉంది నాయనా, అది ఖాళీలను, వరుసలను కాపాడుతుందే తప్ప లోపలి ట్యాగులను చదవకుండా బ్రౌజర్‌ను ఆపదు అని నేను చెబితే, “టికెట్ రేజ్ చేయండి సార్” అన్నాడు. జవాబును చూపించే ముందు ప్రతి `&`ను `&amp;`గా, ఆ తరువాత ప్రతి `<`ను `&lt;`గా మార్చే చిన్న పనికి టికెట్ రేజ్ చేశాను. `&lt;` అని ఉంటే బ్రౌజర్ దానిని ట్యాగ్ అనుకోకుండా `<` గుర్తును చూపిస్తుంది, `&amp;` అని ఉంటే `&`ను చూపిస్తుంది.

వారు చేసేదాకా ఆగలేక, హెచ్‌ఓడీ గారి పీహెచ్‌డీని తక్షణం పునరుద్ధరించే ఉద్దేశంతో, నేనే నా జవాబులో `<` ఉన్న చోట `&lt;` అని చేతితో దిద్దాను. గీత పోయింది, షరతు సరిగా కనిపించింది, పరీక్ష బుధవారానికి మారింది.

ఆ సంస్థవారు నా టికెట్‌ను మంగళవారం రాత్రే, ఎవరికీ చెప్పకుండా, నిజంగానే పూర్తిచేశారు. అంటే నేను దిద్దిన `&lt;`లోని `&`ను కూడా వారి ప్రోగ్రామ్ శ్రద్ధగా `&amp;`గా మార్చిందన్నమాట. బుధవారం ఉదయం పరీక్షకు అరగంట ముందు పేజీలో కనిపించినది ఇది:

```
if (d&lt;s && t>0)
    printf("Stop");
```

ఈసారి అరవై మందీ వచ్చారు. ప్రశ్నపత్రాలు పంచుతూ ఉంటే అదే విద్యార్థి లేచి నిలబడి, “సార్, మీరు చెప్పినట్టే శ్రద్ధగా చదివాను, ఈ `lt`ని ఎక్కడ డిక్లేర్ చేయాలి?” అని అడిగాడు.