డేట్ వేసేది కంపెనీయే

“బెస్ట్ బిఫోర్ అన్నా, యూజ్ బై అన్నా ఒకటే. డేట్ దాటితే విషం. ప్రభుత్వ ల్యాబ్ పరీక్షించి ఆ డేట్ వేస్తుంది కాబట్టి డేట్ లోపల ఉన్నది ఏదైనా భయం లేకుండా వాడొచ్చు. అందరికీ పంపండి.”

రాయగడలో మా వీధి గ్రూపులోకి ఈ మెసేజ్ ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. మా పిన్ని అది నమ్మి, బెస్ట్ బిఫోర్ దాటి వారమైన బిస్కెట్లు పారేసింది. ఆ సాయంత్రమే, డేట్ ఇంకా ఉంది కదా అని తెచ్చిన పాలు పొయ్యి మీద విరిగిపోయాయి.

మొదటి మాటకు జవాబు చిన్నదే. బెస్ట్ బిఫోర్ రుచికీ కరకరలాడటానికీ ఇచ్చే హామీ. అది దాటినా సరుకు తినడానికి బాగానే ఉండొచ్చు, కాస్త మెత్తబడుతుందంతే. యూజ్ బై దాటితే మాత్రం దుకాణదారు అమ్మకూడదు. 2020 లేబులింగ్ నిబంధనల్లో యూజ్ బై లేదా ఎక్స్‌పైరీ తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ కంపెనీ ఇష్టం, అదనంగా వేసుకోవచ్చు.

ఇక ప్రభుత్వ ల్యాబ్ సంగతి. ఆ గడువును లెక్కగట్టేది తయారుచేసే కంపెనీయే. మిక్చర్ ప్యాకెట్‌నే తీసుకుందాం. అది పాడయ్యేది ముఖ్యంగా నూనె కనరెక్కడం వల్ల, తేమ పట్టడం వల్ల. అమ్మే కవర్‌లోనే ప్యాక్ చేసి కొన్నిటిని 30 డిగ్రీల దగ్గర, కొన్నిటిని 40 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కొన్నాళ్లకోసారి విప్పి తేమ, నూనె పరిస్థితి కొలుస్తారు, రుచి చూస్తారు. పది డిగ్రీలు పెరిగితే పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 40 దగ్గర రెండు నెలలకు కనరు వాసన వచ్చిందనుకోండి, 30 దగ్గర నాలుగు నెలలు ఆగుతుందని అంచనా వేస్తారు. లారీలో ఎండ, గోడౌన్‌లో ఉక్క ఉంటాయి కాబట్టి కొంత తగ్గించి మూడు నెలలని అచ్చు వేస్తారు. మోటు లెక్క అన్నిసార్లూ కుదరదు. అందుకే 30 దగ్గర పెట్టినవాటిని చివరిదాకా గమనిస్తూనే ఉంటారు.

చివరి మాటే అన్నిటికన్నా ప్రమాదం. ఆ గడువు మూసి ఉన్న ప్యాకెట్‌కి, అదీ దాని మీద రాసినట్టు నిల్వ చేస్తేనే. పాల ప్యాకెట్ మీద డేట్‌తో పాటు ఎంత చల్లగా ఉంచాలో కూడా రాస్తారు. మేం కొన్నచోట రాత్రంతా కరెంటు లేదని తర్వాత తెలిసింది. డేట్ మారలేదు గానీ ప్యాకెట్ లోపల సూక్ష్మజీవులు పెరిగిపోయాయి. పోనీ వాసన చూస్తే చాలదా అంటారు కొందరు. పులుపు ముక్కుకు తెలుస్తుంది. కానీ జబ్బు తెచ్చే లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది, వాసనా రాదు. అందుకే యూజ్ బై దాటిన పాలను ముక్కుతో తేల్చకూడదు.

ఇప్పుడు పిన్ని పాల ప్యాకెట్‌ను ముందు చేత్తో పట్టుకుని చూస్తుంది. చల్లగా లేకపోతే డేట్ చదవకుండానే తిరిగిచ్చేస్తోంది.