రెంటచింతలలో మంచు మోడ్

ఎండాకాలంలో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ మాడిందా అని పేపరు తిరగేస్తే రెంటచింతల పేరు కనబడటం మనకు మామూలే. ఆ ఊరి పక్కనే మిరప పండించే మా బావగారు ఈ మే నెలలో ఆటోమేటిక్ కారు కొన్నారు. గేరు రాడ్ వెనక గుండ్రటి నాబ్ ఒకటి ఉంది. తిప్పితే ఎకో, నార్మల్, స్పోర్ట్. నొక్కి తిప్పితే మంచు బొమ్మ. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో పల్నాడు రైతుకి మంచులో బండి నడిపే సదుపాయం కల్పించారంటే ఆ కంపెనీ ముందుచూపుకి దండం పెట్టాల్సిందే. మన దగ్గర మంచు చూడాలంటే లంబసింగి పోవాలి. అక్కడైనా తెల్లారుజామున గడ్డి మీద కాస్త తెల్లగా పడుతుందే గాని, కారు కూరుకుపోయేటంత ఎప్పుడు పడింది గనక?

బావగారికి ఆ నాబ్ అంటే ప్రాణం. బంధువులు ఎక్కగానే "ఏ మోడ్‌లో పోదామంటారు?" అని అడుగుతారు. స్పోర్ట్ అంటే మీటరు ఎర్రగా మారుతుంది, ఎకో అంటే పచ్చగా. రంగు మారగానే ఇంజను కూడా మారిపోయిందని వెనక సీటు వాళ్లందరూ నమ్ముతారు.

మారదు. ఒకప్పుడు యాక్సిలరేటర్ నుంచి ఇంజనుకి కేబుల్ ఉండేది, కాలు ఎంత నొక్కితే అంత లాగేది. ఇప్పుడు పెడల్ కింద ఉన్నది సెన్సర్. కాలు ఇంతమేరకు నొక్కింది అని కంప్యూటర్‌కి చెప్పి ఊరుకుంటుంది. దానికి ఇంజను ఎంత స్పందించాలో కంప్యూటర్ ఇష్టం. నాబ్ తిప్పితే మారేది ఆ ఇష్టమే. పెడల్ మూడో వంతు నొక్కారనుకోండి, ఎకోలో ఇంజను ఐదో వంతు బలమే ఇవ్వచ్చు, స్పోర్ట్‌లో సగం ఇవ్వచ్చు. అంకెలు కారుకో రకం. పెడల్ నేలకి అదిమితే మాత్రం చాలా కార్లలో ఏ మోడ్‌లోనైనా వచ్చేది అదే బలం. స్పోర్ట్ అన్నంత మాత్రాన ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు.

రెండోది గేర్లు. ఎకోలో నిదానంగా పోతుంటే ఇంజను నిమిషానికి 2000 తిరుగుళ్లు దాటకుండానే పై గేరు వేసేస్తుంది. స్పోర్ట్‌లో అదే గేరుని 3500 దాకా పట్టుకుని వేలాడుతుంది. కొన్ని బండ్లలో ఎకో పెడితే ఏసీ కూడా తగ్గుతుంది. రెంటచింతలలో ఎవరు ఆ పాపం మూటగట్టుకున్నా నరకంలో ప్రత్యేక గది ఖాయం.

మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు బావగారు మమ్మల్నందరినీ ఎక్కించుకుని కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి బయల్దేరారు. సాయంత్రం ఆరున్నర. స్పోర్ట్ మోడ్. ముందు బండికీ మాకూ మధ్య రెండు అడుగులు. ఆ రెండు అడుగులూ జరగడానికి బావగారు పెడల్ మీద బొటనవేలు ఆనించారో లేదో కారు ఎగిరింది, వెంటనే బ్రేకు. మా తలలన్నీ ఒకేసారి ముందుకి వంగాయి. మళ్లీ రెండు అడుగులు, మళ్లీ వంగాయి. పక్క ఆటోలోంచి చూసేవాళ్లకి కారులో ఏదో భజన జరుగుతోందనిపించి ఉంటుంది. బండి పోతున్నది పది కిలోమీటర్ల వేగం, ఇంజను అరుపు మాత్రం శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నట్టు. పై గేరు వెయ్యడానికి దానికి మనసు రావడం లేదు. అత్తయ్యగారి ఒళ్లో ఉన్న గోంగూర పచ్చడి డబ్బా మూత ఊడింది. అద్దంలోంచి బావగారు "చూశారా పికప్!" అన్నారు. సరిగ్గా అప్పుడే మూడు గ్యాస్ సిలిండర్లు కట్టుకున్న మోపెడ్ మమ్మల్ని దాటుకుని పోయింది. ఫోరమ్ మాల్ దగ్గరకొచ్చేసరికి మైలేజీ ఏడు చూపిస్తోంది. "బండిలో ఏదో లోపం ఉన్నట్టుంది, రేపు షోరూమ్‌లో చూపించాలి" అన్నారు బావగారు. అత్తయ్యగారు చీర మీది గోంగూర తుడుచుకుంటూ ఏదో అన్నారు గాని అది రాయలేను.

మైలేజీ దెబ్బకి తిరుగు ప్రయాణమంతా ఎకో. ఊరు దగ్గర పడ్డాక రెండు లైన్ల రోడ్డు. ముందు సిమెంటు లారీ, అరవైలో పోతోంది. ఎదురు రోడ్డు ఖాళీగా ఉందనిపించి బావగారు పక్కకి వచ్చి పెడల్ సగం నొక్కారు. ఎకోలో ఆ వేగానికి బండి పై గేరులో ఉంటుంది, ఇంజను 1500 దగ్గర కునుకు తీస్తుంటుంది. సగం నొక్కిన పెడల్ దానికి పెద్ద తొందర కింద లెక్క కాదు. కాసేపు ఆలోచించింది. ఒకటిన్నర సెకను అనుకోండి. ఈలోపు మలుపులోంచి బస్సు వచ్చింది, ఎనభైలో. రెండు బండ్లూ కలిపి గంటకి 140 కిలోమీటర్లు. ఒకటిన్నర సెకనులో మధ్య దూరం దాదాపు 60 మీటర్లు తరిగిపోయింది, మా కారు మాత్రం ఇంకా లారీ వెనక చక్రం దగ్గరే ఉంది. ఆయన బ్రేకు కొట్టి లారీ వెనక్కి దూరారు కాబట్టి సరిపోయింది.

లక్షలు పోసి కొన్న మనిషికి ఈ సంగతి షోరూమ్‌లో ఒక్కడూ చెప్పలేదు. పెడల్ నేలకి అదిమితే ఎకోలో ఉన్నా గేరు కిందికి దిగుతుందని చెప్పలేదు. ఆ దిగడానికి కూడా క్షణం పడుతుంది కాబట్టి, లారీ వెనక ఉండగానే స్పోర్ట్ వెయ్యాలి, ఇంజను తిరుగుళ్లు 2500 దాటాక రోడ్డు చూసుకుని అప్పుడు బయటికి రావాలి, ఆ మోడ్ నిజంగా పనికొచ్చేది అక్కడే అని చెప్పలేదు. ఆ ఎర్ర లైట్ల షోకు మాత్రం బాగా చూపించారు. మనిషి ప్రాణం మీదికి వచ్చే విషయం చెప్పడానికి నోరు రాని వాళ్లకి టెఫ్లాన్ కోటింగ్ అమ్మడానికి ఎక్కడ లేని నోరూ వస్తుంది. సిగ్గుండాలి!

మంచు మోడ్ కూడా అంతే. నేను ఇందాక వెక్కిరించాను గాని, ఆగస్టులో నల్లరేగడి తడిస్తే అదే దిక్కు. మొదటి గేరులో చక్రాల మీద బలం ఎక్కువై అవి ఉన్నచోటే గిర్రున తిరిగి గుంట తవ్వుకుంటాయి. మంచు మోడ్‌లో చాలా బండ్లు రెండో గేరుతో మొదలవుతాయి. చక్రానికి చేరే బలం సుమారు 40 శాతం తగ్గుతుంది, పెడల్ మొద్దుబారుతుంది, బండి పాకుతూ బయటపడుతుంది. టైరు గాళ్లలో రేగడి మెత్తుకుపోతే మాత్రం ఇక ట్రాక్టరే, ఏ మోడ్ కూడా పట్టు పుట్టించలేదు. తడి రోడ్డు మీద బ్రేకు కొడితే ఆపేది కూడా టైరే, బొమ్మ కాదు. సూర్యలంక ఇసుకలో ఇదే మోడ్ వేస్తే ఇంకా కూరుకుపోతారు. అక్కడ బండి ఊపు పోకూడదు, ఇంజను తిరుగుతూ ఉండాలి, దీనికేమో ఊపు కనబడితే నొక్కెయ్యడమే పని.

ఇదంతా బావగారికి ఎవరు చెప్పాలి? డెలివరీ రోజు దండ వేశారు, కేకు కోయించారు, మంచం అంత అట్ట తాళం చేతికిచ్చి ఫోటో తీశారు. కారు కొనబోతున్న మా తమ్ముడితో అందుకే నేనూ షోరూమ్‌కి వెళ్లాను. ఖాళీ రోడ్డు మీద అరవైలో పెట్టి, పెడల్ సగం నొక్కి, ఎకోలో ఎంతసేపటికి అందుకుంటుందో, స్పోర్ట్‌లో ఎంతసేపటికో చూపించమని అడిగాను. ఆ అబ్బాయి నా వంక చాలా జాలిగా చూశాడు.

"సార్, ముందు సన్‌రూఫ్ చూపించమంటారా?"