ఆర్డర్ బేసి అయితే పర్మ్యుటేషన్ ఆడ్ అయిపోదు

"పర్మ్యుటేషన్స్ షార్ట్‌కట్: డిస్‌జాయింట్ సైకిల్స్ పొడవులు గుణిస్తే ఆర్డర్ వచ్చేస్తుంది. ఆర్డర్ సరి సంఖ్య అయితే ఈవెన్ పర్మ్యుటేషన్, బేసి అయితే ఆడ్. (1 2 3), (2 3 1) వేరు వేరు సైకిల్స్. అందరికీ పంపండి."

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది, పంపినవాళ్లందరూ పరీక్షకి చదువుతున్నవాళ్లే, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

చివరిది ముందు తేల్చేద్దాం. రెండింట్లోనూ 1 వెళ్లి 2 కి, 2 వెళ్లి 3 కి, 3 వెళ్లి 1 కి, కాబట్టి అది ఒకటే సైకిల్.

ఇక గుణించడం. ఇది చూడండి:

```
1 2 3 4 5 6 7 8 9
4 7 9 6 3 8 2 1 5
```

1 నుంచి బయల్దేరి బాణాలు పట్టుకుని వెళ్తే (1 4 6 8)(2 7)(3 9 5) వస్తుంది. పొడవులు 4, 2, 3, గుణిస్తే 24. కానీ 12 సార్లకే అన్నీ సొంత చోటికి వచ్చేస్తాయి: నాలుగుది మూడు చుట్లు, రెండుది ఆరు, మూడుది నాలుగు. 24 కి కూడా వస్తాయి, కానీ మనకి కావాల్సింది మొదటిసారి ఎప్పుడొస్తాయో. అంటే క.సా.గు. పొడవుల్లో ఏ రెండిటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతేనే గుణకారం సరిపోతుంది.

అసలు ప్రమాదం రెండో ముక్కలో ఉంది. ఈవెన్ అంటే సరి సంఖ్యలో ట్రాన్స్‌పొజిషన్లుగా విడదీయగలిగేది, దానికీ ఆర్డర్ సరి కావడానికీ సంబంధం ఏంటి? (1 2) ఆర్డర్ 2, (1 2)(3 4) ఆర్డర్ కూడా 2, కానీ మొదటిది ఆడ్, రెండోది ఈవెన్. k పొడవున్న సైకిల్‌కి k−1 మార్పిళ్లు పడతాయి, అందుకే సరి పొడవు సైకిలే ఆడ్, ఇక్కడే అందరూ తికమక పడేది. పై ఉదాహరణలో 3+1+2 = 6, కాబట్టి ఈవెన్.

ఈ షార్ట్‌కట్‌ని S4 మీద పెట్టి చూడండి. ఉన్న 24 లో ఆర్డర్ సరి అయినవి 15, బేసి అయినవి 9. ఈవెన్, ఆడ్ చెరి 12 ఉండాలి కదా! పైగా ఐడెంటిటీ ఆర్డర్ 1, అంటే దాన్నే ఆడ్ అంటున్నారు, ఐడెంటిటీ లేకుండా A4 గ్రూప్ ఎలా అవుతుంది చెప్పండి? A4 లో ఉండాల్సిన ఎనిమిది 3-సైకిల్స్‌నీ బయటికి నెట్టేశారు. ఇలాంటిది సరిచూడకుండా పంపొద్దు దయచేసి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, ఆర్డర్ చూసి చెప్పొచ్చనే ఆలోచనలో సగం పనికొస్తుంది, కానీ తిరగేసి. ఆర్డర్ బేసి అయితే ఆ పర్మ్యుటేషన్ ఖచ్చితంగా ఈవెనే, ఎందుకంటే క.సా.గు బేసి కావాలంటే ప్రతి సైకిల్ పొడవూ బేసి కావాలి, అప్పుడు ఒక్కోదానికీ పట్టే మార్పిళ్లు సరి సంఖ్యే. ఆర్డర్ సరి అయితే మాత్రం సరి పొడవు సైకిల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఆ లెక్క బేసి అయితేనే ఆడ్.