మార్చి 31 ఎవరి తేదీ?

సోలార్ పంపుసెట్ కంట్రోలర్లలో ఒక మోడల్‌ను ఆపేస్తున్నామంటూ ఒక కంపెనీ పోయిన వారం అనంతపురం జిల్లా రైతులకు పంపిన ఎస్సెమ్మెస్ గురించి పాఠకులకు తెలిసిందే. ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు. ఈ మోడల్ ఇక రాదు, మార్చి 31తో సపోర్టు ముగుస్తుంది, కొత్త మోడల్‌కు మారండి, డీలర్‌ను కలవండి. నార్పల, గార్లదిన్నె వైపు చాలామంది చీనీ రైతులు దాన్ని రీచార్జి మెసేజ్ అనుకుని వదిలేశారు. ఆ కంట్రోలర్ డబ్బా చెడిపోయి డీలర్ దగ్గరికి పోయినవాళ్లకే సంగతి అర్థమైంది.

పాత సర్క్యూట్ బోర్డుకు కావాల్సిన చిప్పులు దొరకడం లేదని, ఏ కంపెనీ అయినా ఒకే మోడల్‌ను కలకాలం చేయలేదని కంపెనీ మనుషులు అంటున్నారు. ఒప్పుకుందాం. మోడల్ ఆపే హక్కు వాళ్లకుంది. కానీ అమ్మకం ఆపడం, విడిభాగాలు ఆపడం, రిపేరు ఆపడం మూడు వేర్వేరు పనులు. మూడింటికీ ఒకే తేదీ వేసి చేతులు దులుపుకోవడం దగ్గరే మా అభ్యంతరం. ఈ ఒక్క మెసేజ్ చెల్లిపోయిందంటే రేపు డ్రిప్ ఫిల్టర్‌కూ, మొబైల్ స్టార్టర్‌కూ, స్ప్రేయర్‌కూ ఇలాంటి మెసేజ్‌లే వస్తాయి.

నార్పల మండలంలో ఒక రైతు సంగతే చూడండి. 2022 ఆగస్టులో 5 హెచ్‌పీ సెట్టు బిగించారు. 330 వాట్ల పలకలు 15, బోరులో 250 అడుగుల లోతున మోటారు. అయిదేళ్ల నిర్వహణ తమదేనని ఒప్పందంలో రాసి ఉంది. అంటే 2027 ఆగస్టు దాకా డబ్బా బాధ్యత కంపెనీదే. మెసేజ్ మాత్రం ఈ మార్చితో సరి అంటోంది. అమ్మేటప్పుడు పలకలకు పాతికేళ్ల గ్యారంటీ అని ఊరంతా చెప్పుకున్నారు. పలకలు నిజంగానే పాతికేళ్లు ఉండొచ్చు. డబ్బా లేకుండా ఆ పలకల కరెంటు మోటారు దాకా ఎట్లా పోతుంది?

సరే, కొత్త మోడల్‌కు మారమన్నారు కదా. ఎస్సెమ్మెస్‌లో లేని అసలు విషయం ఇక్కడే ఉంది. బోరులో ఉన్నది మామూలు ఏసీ మోటారు అయితే ఇబ్బంది తక్కువ. హెచ్‌పీ, వోల్టేజీ సరిపోతే ఇంకో కంపెనీ డబ్బా కూడా దాన్ని తిప్పుతుంది. కానీ ఈ రైతు బోరులో ఉన్నది బ్రష్‌లెస్ డీసీ మోటారు. దాని లోపల అయస్కాంతం ఉన్న రోటరు ఏ క్షణాన ఎక్కడ ఉందో కనిపెడుతూ, డబ్బా దానికి తగ్గట్టు చుట్టలకు కరెంటు పంపాలి. ఆ లెక్కంతా ఆ మోటారుకే కుదిర్చి పెట్టి ఉంటుంది. వేరే డబ్బా తగిలిస్తే మోటారు ఒక కుదుపు కుదిపి ట్రిప్ అవుతుంది, లేదా అసలు తిరగదు. కొత్త మోడల్ ఈ పాత మోటారును తిప్పుతుందా లేదా అన్న ముక్క మెసేజ్‌లో లేదు. డీలర్‌ను అడిగితే మోటారు కూడా మార్చుకోవాలన్నాడట.

అంటే నిక్షేపంగా తిరుగుతున్న మోటారును 250 అడుగుల నుంచి పైకి లాగాలి. మోటారు లాగే మనుషులకు కూలి, పైపులు, కేబుల్ జాయింట్లు అదనం. దించేటప్పుడు పైపు జారి బోరులోనే పడిపోతే ఆ నష్టం ఎవరిది? ‘మారండి’ అన్న ఒక్క మాట వెనక ఇంత ఖర్చు, ఇంత టెన్షన్ ఉన్నాయి.

వోల్టేజీ సంగతి ఇంకొకటి. 15 పలకలను వరుసగా కలిపితే లోడు లేనప్పుడు సుమారు 690 వోల్టులు వస్తాయి. పలక చల్లగా ఉన్నప్పుడు వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. కొత్త డబ్బా తట్టుకునే హద్దు అంతకంటే తక్కువైతే, చలికాలం ఉదయం ఎండ పడీ పడగానే అది కాలిపోవచ్చు. ఆ తప్పు రైతు నెత్తిన వేసి వారంటీ లేదనడం ఎంతసేపు? ఏ పాత సెట్టుకు ఏ కొత్త డబ్బా పనికొస్తుంది, ఎన్ని పలకల దాకా తట్టుకుంటుంది, మోటారు మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది అన్నవి రాయకుండా ప్రత్యామ్నాయం చూపించామంటే ఎట్లా?

ఇక మార్చి 31. అది కంపెనీ ఖాతాలు మూసే రోజు. చీనీ తోటలో అది కాయ నిలిచే కాలం. అక్కడి నుంచి మే దాకా నీటి తడి తప్పితే పిందె, కాయ రాలిపోతాయి. సరిగ్గా ఎండలు ముదిరే ముందు రిపేరు ఆపేయాలన్న ఆలోచన చేసినవాళ్లు మన జిల్లా తోటను ఒక్కసారైనా చూశారని మేం నమ్మలేం.

చట్టం ఏమీ చేయలేదని కంపెనీ ధీమా కాబోలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, నెరవేరే అవకాశం లేని రిపేరు హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పంట అమ్ముకునే రైతు వినియోగదారుడే కాదన్న వాదన సుప్రీంకోర్టులో 2012లోనే వీగిపోయింది. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. 1915కు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. ఒప్పందం కాగితం, బిగించిన తేదీ, మోటారు మీది నేమ్‌ప్లేట్ ఫోటో, ఈ ఎస్సెమ్మెస్ నాలుగూ రైతులు భద్రంగా పెట్టుకోవాలి. ఫోన్ నిండిందని మెసేజ్ చెరిపేయకండి.

రిపేరు హక్కు పేరుతో కేంద్రం 2022లో ఒక పోర్టల్ తెరిచింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. పోర్టల్ ఉంది, హక్కు కూడా ఉందంటారు. నార్పలలో డబ్బాకు సర్క్యూట్ బోర్డు మాత్రం లేదు.

కంపెనీ ఈ ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తీసుకుని తెలుగులో, కాగితం మీద, సంతకంతో నోటీసు పంపాలి. అందులో అమ్మకం ఆగే తేదీ, బోర్డులు దొరికే చివరి తేదీ, రిపేరు చేసే చివరి తేదీ విడివిడిగా ఉండాలి. రిపేరు తేదీని తయారైన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. ఆ మోడల్‌లో ఆఖరి సెట్టు ఏ పొలంలో ఏ రోజు బిగించారో ఆ రోజు నుంచి అయిదేళ్లు లెక్కగట్టాలి. ఆ మేరకు బోర్డులు ముందే చేయించి నిల్వ పెట్టుకోవడం ఈ వ్యాపారంలో ఎవరికీ కొత్త కాదు.

అధికారులకూ ఒక మాట. సబ్సిడీ సెట్లకు కంపెనీలను ఎంపిక చేసింది మీరు, ఒప్పందం రాయించింది మీరు. డీలర్‌తో మాట్లాడుకోమని రైతును తిప్పి పంపుతున్నదీ మీరే. మెసేజ్ వచ్చి వారం దాటింది. కంపెనీకి ఇంతవరకు ఒక్క నోటీసు పోలేదు. పంపులు ప్రారంభించిన రోజు ఆ డబ్బాల పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి మీకు ఇంత సమయం పట్టలేదు.